బూడిద కప్పిన నంబర్ ప్లేట్: కనబడని అంకెను ఊహించి రాయవచ్చా?

ప్రశ్న: నిన్న సాయంత్రం విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దగ్గర బూడిద మోసే టిప్పర్ ఒకటి మా నాన్నగారి స్కూటీని రాసుకుంటూ ఆగకుండా వెళ్లిపోయింది. నాన్నగారికి కాలు విరిగింది. వెనక బైక్ మీద వస్తున్న ఒకాయన ఫోన్‌లో ఫోటో తీసి పంపారు. ప్లేట్ మీద సగం బూడిదే ఉంది. నాకు AP 16 TV, తర్వాత ఏదో అంకె, 487 అన్నట్టు కనబడుతోంది. ఫిర్యాదులో నంబర్ పూర్తిగా ఉంటేనే కేసు గట్టిగా ఉంటుందని మా బంధువులు అంటున్నారు. మిగిలింది అంచనా వేసి రాసేయవచ్చా? ఫోటో జత చేశాను.

సమాధానం:

రాయకండి. ఫోటోలో స్పష్టంగా కనబడినది మాత్రమే రాయండి. పూర్తిగా కనబడని చోట ప్రశ్నార్థకం పెట్టండి. రెండింటిలో ఏదో ఒకటి అనిపించిన చోట ఆ రెండూ రాయండి. మీ ఫోటోను పెద్దది చేసి నెమ్మదిగా చూశాను. నా లెక్కలో మీరు ఎక్కించాల్సిన నంబర్ ఇది:

```
AP 16 T[X/Y] ?4[3/8]7
```

మీరు అనుకున్న V ఇందులో లేదు. అది ఎందుకు కాదంటున్నానో కింద చెబుతాను.

నేను విజయవాడలో మోటారు ప్రమాదాల క్లెయిముల దర్యాప్తు పని చేస్తాను. ఇలాంటి ఫోటోలు చూడటం, వాటి నుంచి తీసిన నంబర్ రికార్డులతో సరిపోతుందో లేదో తేల్చడం నా రోజువారీ పని. మీ బంధువులు చెప్పిన మాట మంచి ఉద్దేశంతో చెప్పిందే. కానీ పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం.

గుంటూరు మిర్చి యార్డు వైపు వెళ్లే రోడ్డులో జరిగిన ఒక ప్రమాదం చెబుతాను. సరుకు దింపి వస్తున్న గూడ్స్ బండి ఒకటి సైకిల్ మీద వెళ్తున్న పెద్దాయన్ని కొట్టి వెళ్లిపోయింది. ప్లేట్ ఎడమ వైపంతా మట్టి. ఒక అంకెలో కుడి పక్క రెండు ఉబ్బెత్తు వంపులు మాత్రమే కనబడ్డాయి. కుటుంబం వాళ్లు దాన్ని 8 అనుకుని, అనుమానం ఉందని ఎక్కడా చెప్పకుండా పూర్తి నంబర్ ఫిర్యాదులో రాసేశారు. ఎఫ్‌ఐఆర్‌లోనూ అదే పడింది. ఆ నంబర్ గల బండి యజమానికి నోటీసు వెళ్లింది. ఆ రోజు తన బండి వేరే ఊళ్లో ఉందని రసీదులతో సహా ఆయన చూపించాడు. తర్వాత దారిలోని ఒక దుకాణం కెమెరాలో అసలు బండి దొరికింది. ఆ అంకె 3.

అసలు బండి దొరికాక కేసు తేలిక కావాలి. కానీ అప్పుడే కష్టం మొదలైంది. బీమా కంపెనీ తరఫు లాయరు వేసిన మొదటి ప్రశ్న ఇది: "ముందు ఒక నంబర్ చెప్పారు, ఇప్పుడు ఇంకో నంబర్ చెబుతున్నారు. బీమా ఉన్న బండిని చూసుకుని తర్వాత తగిలించారు కదా?" ఇలా ప్రమాదంతో సంబంధం లేని బండిని కేసులో పెట్టిన సందర్భాలు నిజంగానే ఉంటాయి. అందుకే నంబర్ మారిన ప్రతి కేసులోనూ ఈ వాదన వస్తుంది. అదే మొదటి రోజు ఫిర్యాదులో "ఈ అంకె 3 గానీ 8 గానీ కావచ్చు, ఎడమ వైపు మట్టి ఉంది" అని ఒక్క వాక్యం ఉంటే, ఆ ప్రశ్నకు చోటే ఉండేది కాదు. 3 అని తేలినప్పుడు అది మాట మార్చడం కాదు, ముందు చెప్పినది తేలడం అవుతుంది.

మీకు డబ్బు పరంగా కూడా తేడా ఉంది. బండి ఎప్పటికీ దొరకకపోతే మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద తీవ్ర గాయానికి వచ్చేది 50,000 రూపాయలు మాత్రమే. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న మొత్తం అది. కాలు విరగడం తీవ్ర గాయం కిందికే వస్తుంది. బండి దొరికితే ఆసుపత్రి ఖర్చు, పోయిన ఆదాయం, మిగిలిపోయిన వైకల్యం లెక్కవేసి ట్రిబ్యునల్‌లో అడగవచ్చు. అంటే ఆ బండి దొరకడం ముఖ్యం, దొరికాక ఫిర్యాదులోని నంబర్‌తో అది సరిపోవడమూ అంతే ముఖ్యం.

ఇక ఫోటో సంగతికి వస్తాను.

ముందు అసలు ఫైల్ తెప్పించుకోండి. మీరు జత చేసినది వాట్సాప్‌లో వచ్చినది. వాట్సాప్ మామూలుగా ఫోటో సైజు తగ్గించి పంపుతుంది. చిన్న గీతలు, అంచులు అక్కడే పోతాయి. ఫోటో తీసిన ఆయన్ని అదే ఫోటో వాట్సాప్‌లోనే "డాక్యుమెంట్"గా పెట్టి పంపమనండి, అప్పుడు ఫైల్ ఉన్నది ఉన్నట్టు వస్తుంది. స్క్రీన్‌షాట్ వద్దు. ఫోటోను షార్ప్ చేసే యాప్‌లు కూడా వద్దు. అవి అంచు లేని చోట అంచు గీస్తాయి, బూడిదలోని మరక అంకెలా తయారవుతుంది. వెలుతురు, కాంట్రాస్టు పెంచి తగ్గించి చూసుకోవడం వరకు పరవాలేదు, అది కూడా కాపీ మీదే చేయండి.

నేను ఇలాంటి ప్లేట్ చూసేటప్పుడు ప్రతి అక్షరం దగ్గరా ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఇక్కడ గీత లేదా, లేక గీత ఉందో లేదో కనబడటం లేదా? ఈ రెండూ వేరు. గీత ఉండాల్సిన చోట ప్లేట్ పసుపు రంగు శుభ్రంగా కనబడితే అక్కడ గీత లేదని గట్టిగా చెప్పవచ్చు. ఆ గీత ఉండాల్సిన అంకెలన్నీ కొట్టేయవచ్చు. అక్కడ బూడిద ఉంటే మాత్రం ఏ అంకెనూ కొట్టేయడానికి వీల్లేదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. బూడిద కప్పిన చోటును ఖాళీ చోటుగా చూస్తారు.

కంటికి పసుపు, బూడిద కలిసిపోయినట్టు ఉంటే ఒక ఉపాయం ఉంది. కలర్ ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలు ఉంటాయి. పసుపు రంగు ఎరుపు పొరలో తెల్లగా, నీలం పొరలో నల్లగా పడుతుంది. బూడిద మూడు పొరల్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. కాబట్టి ఎరుపు పొర చూస్తే పసుపు, బూడిద రెండూ తెల్లబడి నల్ల అక్షరాలు తేలతాయి. నీలం పొర చూస్తే ప్లేట్, అక్షరాలు అన్నీ నల్లబడి బూడిద ఒక్కటే తెల్లగా కనబడుతుంది. అంటే నీలం పొర మీకు బూడిద ఎక్కడెక్కడ ఉందో పటం గీసి ఇస్తుంది. కంప్యూటర్‌లో ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్ ఉంటే ఈ రెండు వరుసలు చాలు:

```
magick photo.jpg -channel R -separate red.png
magick photo.jpg -channel B -separate blue.png
```

ఇది పసుపు ప్లేట్లకే పనికొస్తుంది. తెల్ల ప్లేట్ మీద మూడు పొరలూ ఒకేలా ఉంటాయి, అక్కడ లాభం లేదు. సాయంత్రం ఎండ ఎర్రగా పడితే తేడా కొంత తగ్గుతుంది. మీ ఫోటోలో బాగానే వచ్చింది.

ఇప్పుడు మీ ప్లేట్ ఒక్కొక్కటిగా చూద్దాం. ఎడమ అంచున నీలం IND కనబడుతోంది, అంటే ఇది పెయింటర్ రాసినది కాదు, అచ్చు వేసిన హై సెక్యూరిటీ ప్లేట్. ఇది మనకు మేలు. లారీల్లాంటి పెద్ద బండ్ల ప్లేట్ మీద అక్షరం ఎత్తు 65 మి.మీ., గీత మందం 10 మి.మీ., అక్షరాల మధ్య ఖాళీ 10 మి.మీ. ఉండాలని నిబంధన. ఫోటో మరీ పక్క నుంచి తీస్తే తప్ప ఈ నిష్పత్తి ఫోటోలో కూడా పెద్దగా మారదు. అక్షరం ఎత్తులో ఆరో వంతు కంటే బాగా సన్నగా ఉన్న నల్ల గీత ఏదైనా కనబడితే అది అంకెలో భాగం కాదు, గీటు గానీ నీళ్లు కారిన చార గానీ అయి ఉంటుంది.

పై వరుసలో AP, ఆ పక్కన 1 స్పష్టంగా ఉన్నాయి. 1 తర్వాతి అంకెకు పై సగమే ఉంది. మీరు 16 అని రాసింది విజయవాడ బండి కదా అన్న అలవాటుతో అయితే అది చాలదు. ఆ రోడ్డు హైదరాబాద్ హైవే. ఉమ్మడి రాష్ట్రంలో సికింద్రాబాద్‌కు AP 10, కరీంనగర్‌కు AP 15 ఉండేవి, ఆ నంబర్లతో పాత బండ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. కాబట్టి ఆకారాన్ని బట్టే తేల్చాలి. పై వంపు ఎడమ వైపు కిందికి దిగుతోంది. కుడి వైపు కొద్దిగా వచ్చి ఆగిపోయింది, ఆగిన చోటు కింద శుభ్రమైన పసుపు కనబడుతోంది. నీలం పొరలో కూడా అక్కడ బూడిద లేదు. 0, 8, 9 అయితే కుడి గీత ఇంకా కిందికి రావాలి. 2, 3 అయితే దిగాల్సింది కుడి వైపు. 5కు పైన వంపు కాదు, సాపు గీత ఉంటుంది. మిగిలింది 6. ఇక్కడ బ్రాకెట్ అక్కర్లేదు, కింది సగం కనబడకపోయినా 6 అని రాయవచ్చు.

దీన్ని ఇంకో వైపు నుంచి కూడా సరిచూడవచ్చు. 2019 మొదట్లో ఆంధ్రప్రదేశ్ అంతటికీ కొత్త బండ్లకు AP 39 ఒకటే కోడ్ వచ్చింది. కాబట్టి AP 16 ఉన్న బండి అంతకు ముందుది అయి ఉండాలి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 మోడల్ బండి మీద AP 16 చదివితే ఎక్కడో తప్పు చదివినట్టే. మీ ఫోటోలోని టిప్పర్ పాత బాడీ, చాలా వాడినది. వైరుధ్యం లేదు.

తర్వాత T. మన దగ్గర రవాణా బండ్ల సిరీస్‌లు T, U, V, W, X, Y లాంటి అక్షరాలతో మొదలవుతాయి, ఇది టిప్పర్ కాబట్టి T సరిపోయింది. దాని పక్క అక్షరమే మీరు V అనుకున్నది. ఇక్కడ పై మూడో వంతు మాత్రమే ఉంది. రెండు ఏటవాలు చేతులు లోపలికి వస్తున్నాయి, కింద అంతా బూడిద. ఇలాంటి పైభాగం V, X, Y మూడింటికీ ఉంటుంది. తేడా వాలులో ఉంది. V చేతులు అక్షరం అడుగున కలుస్తాయి కాబట్టి తక్కువ వాలుతో, దాదాపు నిలువుగా దిగుతాయి. X, Y చేతులు సగం ఎత్తు దగ్గరే కలుస్తాయి కాబట్టి ఎక్కువ వాలి ఉంటాయి. ఫోటోను ప్రింట్ తీసి, ఆ రెండు చేతుల మీద స్కేలు పెట్టి పెన్సిల్‌తో కిందికి పొడిగించండి. నేను గీసినప్పుడు రెండు గీతలు పక్కనున్న T ఎత్తులో సగానికి కాస్త కింద కలిశాయి. V అయితే T అడుగు దాకా వెళ్లాలి. ఫోటో పక్క నుంచి తీసినా ఈ లెక్క పెద్దగా చెడదు, ఎందుకంటే ఎత్తు కొలత కూడా అదే ఫోటోలోని T నుంచి తీసుకుంటున్నాం.

X, Y లలో ఏదో మాత్రం చెప్పలేను. X అయితే కింద రెండు కాళ్లు, Y అయితే మధ్యలో ఒకటే కాడ ఉండాలి. ఆ అడుగు మూలల్లో ఒక్క దానిలోనైనా పసుపు కనబడి ఉంటే X ను కొట్టేసేవాణ్ని. రెండు మూలలూ బూడిదలోనే ఉన్నాయి. అందుకే [X/Y].

కింది వరుసలో మొదటి చోటు పూర్తిగా బూడిద. అక్కడ అసలు అంకె ఉందా అనేది ముందు చూడాలి, ఎందుకంటే పాత బండ్లు కొన్ని వెయ్యి లోపు నంబర్లకు ముందు సున్నా పెట్టకుండా మూడంకెలే రాసుకునేవి. దానికి దూరాలు కొలవాలి. చివరి 7 నుంచి ప్లేట్ కుడి అంచుకు ఉన్న దూరం చూసి, ఎడమ అంచు నుంచి అంతే దూరం వదిలితే, 4కు ముందు సరిగ్గా ఒక అంకె పట్టే చోటు మిగులుతోంది. మూడంకెలే అయితే వరుస ప్లేట్ మధ్యకు వచ్చి, 4 ఇంకా ఎడమకు జరిగి ఉండేది. కాబట్టి అక్కడ ఒక అంకె ఉంది, ఏదో తెలియదు. ఒక ప్రశ్నార్థకం, అంతే. అక్కడ ఏదో వంపు కనబడుతోందని మీకు అనిపిస్తే ఎరుపు పొరలో చూడండి. అది బూడిద పొర విరిగిన గీత, నేను చెప్పిన మందం దానికి లేదు.

4 స్పష్టం. తర్వాతి అంకె గుంటూరు కేసులో ఉన్నట్టే ఉంది. కుడి వైపు రెండు ఉబ్బులు, వాటి మధ్య లోపలికి నొక్కు. ఆ నొక్కు ఉంది కాబట్టి 0, 9 కావు. ఎడమ సగం బూడిద కింద ఉంది కాబట్టి 3, 8 రెండూ నిలబడతాయి. మీకు 8 అని ఎక్కువగా అనిపించడం సహజం, మన కన్ను సగమే కనబడే ఆకారాన్ని పూరించుకుని చూస్తుంది. అయినా [3/8] అనే రాయండి. చివరి 7 బాగానే ఉంది, పై గీత పూర్తిగా సాపుగా, పొడవుగా ఉంది కాబట్టి 1 కాదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. 8ను B అని, 0ను D అని, 5ను S అని తికమక పడటం బూడిద ప్లేట్లలో మామూలే. వాటికి చోటే సమాధానం. AP తర్వాతి రెండు చోట్లు, చివరి నాలుగు చోట్లు అంకెలవే. మధ్యలోవి అక్షరాలే, అందులోనూ I, O మన సిరీస్‌లలో వాడరు. ఒక చోట అంకె రావాలా అక్షరం రావాలా అనేంత వరకే ఇది చెబుతుంది. ఏ అంకె అనేది మాత్రం గీతలే చెప్పాలి.

ఇప్పుడు మొత్తం చూడండి. X, Y లకు రెండు, మొదటి అంకెకు పది, 3, 8 లకు రెండు. అన్నీ కలిపితే 40 నంబర్లు. వినడానికి ఎక్కువగా ఉంటుంది కానీ పోలీసులకు ఇది చాలా చిన్న జాబితా. వాహన్ రికార్డుల్లో ఈ 40 చూస్తే కొన్ని ఆటోలు, కొన్ని ట్రాక్టర్లు, కొన్ని మామూలు లారీలు అయి ఉంటాయి. టిప్పర్, ఈ కంపెనీ, ఈ రంగు క్యాబిన్ అని వడపోస్తే చేతి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగులుతాయి. మీరు అనుకున్న TV తో వెతికి ఉంటే ఈ నలభైలో ఒక్కటి కూడా వచ్చేది కాదు.

ఫిర్యాదులో ఇలా రాయండి: "ఫోటోలో కనబడినంత వరకు టిప్పర్ నంబర్ AP 16 T, తర్వాత X లేదా Y, తర్వాత కనబడని ఒక అంకె, 4, 3 లేదా 8, 7. ప్లేట్ బూడిదతో కప్పి ఉన్నందున మిగిలినవి చదవడానికి వీలు కాలేదు. ఫోటో తీసిన వ్యక్తి వివరాలు జత చేశాను." ప్రశ్నార్థకాలు, బ్రాకెట్లు ఉన్న నంబర్‌ను పోలీస్ స్టేషన్ రైటరు గారు ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కించేటప్పుడు అవి పోయే అవకాశం ఉంది. అందుకే మాటల్లో కూడా రాయమంటున్నాను. మీ ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకున్నాక ఈ వాక్యం అలాగే ఉందో లేదో అక్కడే నిలబడి చదువుకోండి. ఇప్పటికే పూర్తి నంబర్‌తో ఫిర్యాదు ఇచ్చేసి ఉంటే, ఆలస్యం చేయకుండా అనుమానం ఉన్న అంకెలు చెబుతూ ఇంకో అర్జీ ఇవ్వండి, దానికి తేదీ వేసిన రసీదు తీసుకోండి.

mParivahan యాప్‌లో మీరే నంబర్లు ఒక్కొక్కటి కొట్టి చూడాలనిపిస్తుంది. అది బండి రకం వరకు చూపిస్తుంది, యజమాని పేరు సగం దాచి ఉంచుతుంది. చూడటం తప్పు కాదు కానీ, సరిపోయినట్టు అనిపించిన బండి యజమానిని మీరు వెతుక్కుంటూ వెళ్లకండి. మీ దగ్గర ఇంకా అవకాశం ఉన్న నంబర్లు ఎన్నో ఉన్నాయి, అతను ఏమీ తెలియని మనిషి అయి ఉండవచ్చు. మీకు సరిపోయినవి ఏవో కాగితం మీద రాసి ఎస్ఐ గారికి ఇవ్వండి.

దానికంటే ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. టిప్పర్ల నంబర్ వెనక ప్లేట్ మీదే కాదు, బాడీ రెండు పక్కలా కూడా పెయింట్‌తో రాసి ఉంటుంది. వెనక చక్రాలు లేపే బూడిద పక్కల మీద అంత పడదు. టిప్పర్ హైదరాబాద్ వైపు వెళ్లి ఉంటే కీసర టోల్ ప్లాజా దాటే అవకాశం ఉంది. అక్కడ కెమెరాతో పాటు ఫాస్టాగ్ రికార్డు కూడా ఉంటుంది, అందులో నంబర్ బూడిదతో సంబంధం లేకుండా పడుతుంది. విజయవాడ వైపు వెళ్లి ఉంటే దారిలోని పెట్రోలు బంకుల కెమెరాలు చూడాలి. ఆ రికార్డింగులు కొన్నాళ్లకు వాటంతట అవే చెరిగిపోతాయి కాబట్టి, ఏ సమయానికి ఏ వైపు వెళ్లిందో ఫిర్యాదులోనే రాసి, వాటిని భద్రపరచమని ఈ రోజే అడగండి.

ఫోటో తీసిన ఆయనతో కూడా మాట్లాడండి. ఆయన ఫోన్‌లోని అసలు ఫోటో చెరిపేయకూడదు, కత్తిరించకూడదు, ఎడిట్ చేయకూడదు. కోర్టులో దాన్ని పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, దాని మీద ఆయన సంతకం పడాల్సి వస్తుంది. ఫోన్ మార్చే ఆలోచన ఆయనకు ఉంటే ముందుగా పోలీసులకు ఆ ఫైల్ అప్పగించమనండి. అసలు ఫైల్ వచ్చాక ఆ X, Y చోటు, 3, 8 చోటు మళ్లీ చూద్దాం, ఇక్కడే పెట్టండి. ప్లేట్ వరకు కత్తిరించి పెడితే చాలు, మిగతా భాగంలో మీ నాన్నగారు కనబడుతున్నారు.